చందా ఇచ్చినవాళ్ళు మళ్ళీ ఇచ్చారా? మన సంచి నిధి ఏడాది లెక్క
(సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



నన్ను చందాల గురించి మాట్లాడమన్నారు. పోయిన ఏడాది ఫిబ్రవరిలో ఇదే హాలులో నేను మైకు పట్టుకుని "నుమాయిష్‌లో 900 మంది చందా ఇచ్చారు, 63,000 రూపాయలు వచ్చినయ్" అని చెప్తే మీరందరూ చప్పట్లు కొట్టిన్రు. నాకు బాగా గుర్తుంది. ఆ రోజు నేను చదివిన లెక్క తప్పు. దొంగలెక్క కాదు, కానీ సగం లెక్క. ఆ సగం లెక్క వల్ల ఏమయిందో, పూర్తి లెక్క ఏడాదికి ఎట్ల తేలిందో ఇవాళ చెప్తాను. కొంచెం ఓపికగా వినండి. అంకెలు కొన్నే ఉన్నాయి, మెల్లగా చెప్తాను.

మన సంచి నిధి సంగతి కొత్త సభ్యులకు తెలియదు కాబట్టి రెండు మాటలు. ఎవరూ లేని ముసలమ్మలకు రేషన్ బియ్యం వస్తుంది. బియ్యం ఒక్కటితో కడుపు నిండదు గదా. అందుకని నెలకు ఒక సంచి ఇస్తున్నాం. కిలో కందిపప్పు, లీటరు నూనె, చక్కెర, టీపొడి, ఒక సబ్బు. హోల్‌సేల్‌లో కొంటే సంచి 450 రూపాయల దగ్గర పడుతోంది. ఈ పైసలు మన పొదుపులోంచి తీయం, అప్పుల వడ్డీలోంచి తీయం. చందా వస్తేనే సంచి.

పోయిన ఏడాది జనవరిలో చందాలకు రెండు చోట్ల నిలబడ్డాం. ఒకటి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో నుమాయిష్. రెండోది ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల బజారు.

నుమాయిష్ మనకు కొత్త కాదు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా 46 రోజులు. మన పచ్చళ్ళు అమ్మే స్టాలులోనే ఒక మూల చందాకు పెట్టాం. ఒక బల్ల, ఒక డబ్బా, రసీదు పుస్తకం, క్యూఆర్ బోర్డు. రోజూ సాయంత్రం ఇద్దరు కూర్చున్నారు. జనం సముద్రం లెక్క వస్తారు. పిల్లకు పీచుమిఠాయి కొనిచ్చి, మిగిలిన చిల్లర డబ్బాలో వేసి పోతారు. కొందరు 50, కొందరు 100. సగటున మనిషికి 70 రూపాయలు పడింది. ఒక వ్యాపారి 5,000 ఇచ్చాడు. ఆయనది ఈ 63,000లో కలపలేదు, వేరే పేజీలో రాశాం. ఆ ఒక్కడిని కలిపితే అందరి సగటూ పెరిగినట్టు కనిపిస్తుంది, నిజానికి పెరగదు. పచ్చళ్ళ అమ్మకం కూడా ఇందులో లేదు.

ఇక నేను ఫిబ్రవరిలో చదివిన ఖర్చు. స్టాలు అద్దెలో మన మూలకు పడ్డ వాటా 18,000, బ్యానరు, కరపత్రాలు 3,200, రసీదు పుస్తకాలు 800, బస్సు, చాయ్, గేటు ఖర్చులు 4,400. మొత్తం 26,400. 63,000లోంచి 26,400 తీస్తే 36,600 మిగిలింది అని చదివాను. 900 మందికి పంచితే ఒక దాతను తెచ్చుకోవడానికి 30 రూపాయల లోపే ఖర్చయింది అని కూడా చెప్పాను.

ఇందులో ఏం తప్పింది? కూర్చున్న ఇద్దరి కూలి. ఒక్కొక్కరికి రోజుకు 300. ఇద్దరికి 46 రోజులకు 27,600. ఆ కూలి ఇచ్చాం, ఎగ్గొట్టలేదు. కానీ అది స్టాలు ఖాతాలో రాశాం, చందా ఖాతాలో రాయలేదు. పచ్చళ్ళ స్టాలులోనే కూర్చున్నారు కదా అనుకున్నాం. వాళ్ళు పచ్చళ్ళు అమ్మలేదు, పొద్దుగూకిందాకా చందా డబ్బా దగ్గరే ఉన్నారు. ఆ కూలి చందాలకే పడాలి. అది కలిపితే ఖర్చు 54,000. ఒక దాతకు 30 కాదు, 60 రూపాయలు. 70 తెచ్చుకోవడానికి 60 పెట్టాం. మిగిలింది 36,600 కాదు, 9,000.

మనలో చాలామందికి ఇది అలవాటే. మన చాకిరీకి మనమే ధర కట్టం. ఇంట్లో కట్టం, సంఘంలో కట్టం. సభ్యురాలు ఊరికే వచ్చి కూర్చున్నా సరే, ఆ రోజు ఆమె ఇంకో చోట పనికి పోతే వచ్చే కూలిని ఖర్చుకింద రాసి చూడాలి. చేతికి ఇవ్వకపోయినా రాయాలి. లేకపోతే ఏ పని లాభమో, ఏది నష్టమో ఎప్పటికీ తెలియదు.

సరే, ఆ 36,600 నమ్ముకుని మనం ఏం చేశాం? పన్నెండు నెలలకు పంచితే నెలకు 3,000 పైన వస్తుంది, ఆరుగురు అవ్వలకు కొత్తగా సంచులు ఇవ్వొచ్చు అని తీర్మానం చేశాం. ఆరు సంచులకు నెలకు 2,700. తీర్మానం మీద మొదటి సంతకం నాదే. మార్చి, ఏప్రిల్, మే ఇచ్చాం. మూడు నెలలకు 8,100 అయింది. జూన్ వచ్చేసరికి 900 మిగిలింది. రెండు సంచులకు సరిపోయింది. నలుగురికి లేదు.

ఆ నలుగురి ఇళ్ళకు పోయి చెప్పింది నేనే. ఒక అవ్వ "ఇవ్వలేకపోతే ఎందుకు మొదలుపెట్టిన్రు బిడ్డా" అంది. తిట్టలేదు. మామూలుగా అడిగింది. పది రోజులకు ఆమె ఊరికి, చెల్లెలి కూతురి దగ్గరికి పోయింది. మళ్ళీ రాలేదు. సంచి ఆగినందుకే పోయిందో, ఇంకేమన్నా ఉందో నేను అడగలేదు.

అప్పుడు కోశాధికారి అక్క బ్యాంకు స్టేట్‌మెంటు ముందరేసుకుని కూర్చుంది. "ఈ 150, 150 ఎక్కడివి? నెల నెలా వస్తున్నయి" అంది. అవి ఆబిడ్స్ పైసలు. మేం దండగ అని పక్కన పెట్టినవి.

ఆబిడ్స్ సంగతి ఇప్పుడు చెప్తాను. ఆదివారం అక్కడ దుకాణాల ముందర ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు, మీకు తెలిసిందే. పోటీ పరీక్షల పిల్లలు, టీచర్లు, రిటైరైన పెద్దమనుషులు వస్తారు. ఒక పుస్తకాల అన్న తన పక్కన మనకు జాగా ఇచ్చాడు. జనవరి నుంచి మార్చి మొదటి వారం దాకా 10 ఆదివారాలు ఇద్దరం కూర్చున్నాం. కూలి 6,000, బల్ల, బ్యానరు 1,500, కార్డుల అచ్చు 1,100, బస్సు, చాయ్ 1,400, ఫోన్ రీచార్జి 600. మొత్తం 10,600. ఇక్కడ కూలి మొదటినుంచీ రాశాం, ఎందుకంటే ఇక్కడ ఇంకే ఖాతా లేదు.

ఎంతమంది ఇచ్చారు? 53 మంది. పది ఆదివారాలకు 53 మంది! నుమాయిష్‌లో ఒక్క శనివారం సాయంత్రం అంతమంది వేసేవాళ్ళు. ఒక్కొక్కరు సగటున 150 ఇచ్చారు, 7,950 వచ్చింది. ఒక దాతకు ఖర్చు 200. అంటే ఒక్కొక్క మనిషి మీద 50 రూపాయలు మనమే ఎదురు పెట్టుకున్నట్టు. మొత్తం మీద 2,650 నష్టం. మార్చి సమావేశంలో "ఆబిడ్స్ మానెయ్యండి, దండగ" అని తీర్మానం రాసింది ఇందుకే. ఆ తీర్మానానికి కూడా నేను చెయ్యి ఎత్తాను.

అయితే అక్కడ కూర్చున్న ఇద్దరూ ఒక పని చేశారు. నుమాయిష్‌లో తోపులాటలో రసీదు రాయడానికే టైం లేదు. ఆబిడ్స్‌లో పుస్తకాలు చూసేవాళ్ళు నిలబడి మాట్లాడతారు. "ఎవరికిస్తారు? ఎంత పడుతుంది? మీరెవరు?" అని అడుగుతారు. మన పొదుపు పాస్‌బుక్ లాంటి చిన్న కార్డు అచ్చు వేయించాం. పైన పేరు, ఫోను, కింద పన్నెండు గళ్ళు. "మూడు నెలలకు ఒక సంచి మీది అనుకోండి అన్నా, నెలకు 150" అని చెప్పి, "వచ్చే నెల 5వ తారీఖున ఫోన్ చేయమంటారా?" అని అడిగారు. చేయమన్నవాళ్ళకే చేశారు. వద్దన్నవాళ్ళను వదిలేశారు.

తర్వాత నెల నెలా ఒక సభ్యురాలు సగం రోజు కూర్చుని ఫోన్లు చేసింది. అవ్వల ఫొటోలు పంపలేదు, అది మొదటే అనుకున్నాం. పోయిన నెల ఎన్ని సంచులు ఇచ్చాం, పప్పు కిలో ఎంత పడింది, నిధిలో ఎంత మిగిలింది, ఈ మూడు మాటలు మెసేజ్ పెట్టింది. ఈ ఫోన్ల పనికి నెలకు కూలి 300, రీచార్జి, అచ్చు ఖర్చులు కలిపి ఏడాదికి 4,500 అయింది.

53 మందిలో 22 మంది మళ్ళీ ఇచ్చారు. మన దగ్గర అప్పు వసూలుకు గళ్ళ రిజిస్టరు ఉంటుంది చూడండి, అడ్డం సభ్యురాలి పేరు, నిలువు నెలలు. అట్లాంటిదే ఒకటి గీశాం. ఒక తేడా ఉంది. అందరికీ జనవరితో మొదలుపెట్టలేదు. ఎవరు ఏ నెలలో మొదటిసారి ఇచ్చారో అది వాళ్ళకు మొదటి నెల. మార్చిలో చేరినామెకు మార్చి మొదటి నెల. అట్లా పెడితేనే అందరికీ సమానంగా పన్నెండు గళ్ళు వస్తాయి. జనవరి నుంచి డిసెంబరు అని గీస్తే మార్చిలో వచ్చినామె రెండు నెలలు ఎగవేసినట్టు కనిపిస్తుంది. ఆమె తప్పేం లేదు, రిజిస్టరు తప్పు. అందుకే ఈ లెక్క పోయిన ఏడాది నివేదికలో రాలేదు. ఆఖరి దాతకు పన్నెండు నెలలు ఇప్పుడే నిండాయి.

ఆ రిజిస్టరులో కనిపించింది ఇది. రెండో నెలలో 22 మంది ఇచ్చారు. 22 మంది 150 చొప్పున 3,300. ఆ ఒక్క నెలతోనే ఎదురు పెట్టుకున్న 2,650 తిరిగి వచ్చేసింది. మూడో నెల 20 మంది, నాలుగో నెల 18, ఐదో నెల 16, తర్వాత 15, 13, 12, 11, 10, 9, పన్నెండో నెలకు 8 మంది మిగిలారు. అన్నీ కూడితే 154 సార్లు. 23,100 రూపాయలు.

ఇప్పుడు ఏడాది లెక్క కట్టండి. ఆబిడ్స్‌లో మొదటిసారి వచ్చింది 7,950, తర్వాత వచ్చింది 23,100, మొత్తం 31,050. ఖర్చు మొదట 10,600, ఫోన్లకు 4,500, మొత్తం 15,100. మిగిలింది 15,950. మార్చిలో చూస్తే రూపాయి పెడితే ముప్పావలా వచ్చింది. ఏడాదికి చూస్తే రూపాయి పెడితే రెండు రూపాయల ఆరు పైసలు వచ్చింది.

నుమాయిష్ సంగతి కూడా అదే ఏడాదికి చూశాం. 900 మందిలో ఫోన్ నంబరు రాయించుకున్నది 310 మందివి. అందులో 40 తప్పుడు నంబర్లు. తోపులాటలో ఒక అంకె అటూఇటూ రాసినవి కొన్ని. మిగిలిన 270 మందికి ఫోన్లు చేసి, మెసేజ్‌లు పెట్టాం, 1,400 ఖర్చయింది. 27 మంది మళ్ళీ ఇచ్చారు, ఏడాది మొత్తం మీద 5,520 వచ్చింది. కలిపితే రాబడి 68,520, ఖర్చు 55,400, మిగిలింది 13,120. రూపాయికి రూపాయి ఇరవై నాలుగు పైసలు.

900 మంది ఉన్నచోట 13,120 మిగిలింది, 53 మంది ఉన్నచోట 15,950 మిగిలింది. నేను మూడుసార్లు కూడి చూశాను. కోశాధికారి అక్క నాలుగోసారి కూడింది.

ఇంకో విధంగా కూడా చూడొచ్చు. మళ్ళీ ఇచ్చే ఒక మనిషిని సంపాదించుకోవడానికి ఏడాదిలో ఎంత పెట్టాం? నుమాయిష్‌లో 55,400ను 27 మందికి పంచితే ఒక్కొక్కరికి 2,000 పైమాటే. ఆబిడ్స్‌లో 15,100ను 22 మందికి పంచితే 700 లోపు. మొదటి రోజు 60కి వచ్చిన దాత చౌక, 200కి వచ్చిన దాత ఖరీదు అనిపించింది. చౌకగా వచ్చినవాళ్ళు మళ్ళీ కనిపించలేదు.

జూన్‌లో నలుగురికి సంచి ఆగిందని చెప్పాను కదా. జూలై నుంచి ఈ పైసలతోనే ఐదుగురు అవ్వలకు మళ్ళీ మొదలుపెట్టి, ఫిబ్రవరి దాకా ఆపకుండా ఇచ్చాం. ఎనిమిది నెలలకు 18,000. ఆరో అవ్వ ఊరికి పోయిందని చెప్పాను. ఆమె ఉన్నా ఆరుగురికి సరిపోయేది కాదు.

ఇప్పుడు కొందరు అడుగుతారు, "అయితే నుమాయిష్ మానేద్దామా?" అని. తొందరపడొద్దు అక్కా. పోయినసారి తొందరపడే ఆబిడ్స్ మానెయ్యమన్నాం. మొదటి సంగతి, 53 మంది అంటే చిన్న లెక్క. నలుగురు అటూఇటూ అయితే అంకె మారిపోతుంది. రెండోది, ఆబిడ్స్‌లో 54,000 పెడితే ఐదింతలు వస్తుందనుకోవద్దు. ఆదివారాలు అన్నే ఉంటాయి, ఆ ఫుట్‌పాత్ అంతే ఉంటుంది. మూడోది నాకు చాలా ముఖ్యం అనిపించింది. నుమాయిష్‌లో మళ్ళీ ఇచ్చినవాళ్ళు 900కి 27 మంది, అంటే వందకు ముగ్గురు. కానీ నంబరు సరిగ్గా ఉన్న 270 మందిలో చూస్తే వందకు పదిమంది. మిగతా 630 మందిని మనం అడగనే లేదు, అడగడానికి దారి లేదు. అడగనివాళ్ళను ఇవ్వలేదని ఎట్లా అంటాం?

డబ్బాలో వేసినవాళ్ళ గురించి ఇంకో మాట. ఆ 900 అంకె కూడా ఖచ్చితం కాదు. రసీదులు, క్యూఆర్ కట్టినవి లెక్క తెలుసు. డబ్బాలో వేసినవాళ్ళను కూర్చున్నవాళ్ళు గీతలు గీసి లెక్కపెట్టారు. రద్దీలో గీత మరిచిపోయి ఉంటారు. భార్యా భర్తా చెరొక నోటు వేస్తే ఇద్దరా, ఒక కుటుంబమా? అందుకే డబ్బా పైసలు "డబ్బా" అనే ఒక వరుసలో రాయాలి, వాటికి దాతల సంఖ్య వేయొద్దు అని ఇప్పుడు అనుకున్నాం. దీనికి తిరకాసుగా ఇంకో తప్పు కూడా చేశాం. ఒకాయన జనవరిలో రెండుసార్లు వచ్చి రెండు రసీదులు తీసుకున్నాడు, ఆయన్ను ఇద్దరుగా రాశాం. రసీదుల లెక్క వేరు, మనుషుల లెక్క వేరు.

మన చందా ఇచ్చేవాళ్ళు ఎందుకు ఆగిపోయారో కూడా చూశాం. 22 మంది 8కి ఎందుకు వచ్చారు? ఆగిన 14 మందికీ ఫోన్ చేశాం. కొందరు ఎత్తలేదు. ఒకామె ఉద్యోగం పోయింది, ఆమెను అడగడమే తప్పు అనిపించింది. ఇద్దరు నంబరు మార్చారు. కానీ ఐదుగురు ఏం చెప్పారో వినండి. "మీరే ఫోన్ చేయలేదు గదమ్మా, సరిపోయిందేమో అనుకున్నాం" అన్నారు. అక్టోబరులో మన ఫోన్ చేసే చెల్లెలికి కాన్పు అయింది. ఆ నెల ఎవరూ చేయలేదు. తప్పు వాళ్ళది కాదు.

నెల నెలా తనంతట తానే కట్ అయ్యే యూపీఐ ఆటోపే ఉంది కదా, అది పెట్టొచ్చు కదా అని చదువుకున్న పిల్లలు అడుగుతున్నారు. దానికి మన మామూలు ఖాతా, మామూలు క్యూఆర్ సరిపోవు. పేమెంట్ కంపెనీ దగ్గర వ్యాపార ఖాతా లాంటిది తీసుకోవాలి, ప్రతి చెల్లింపు మీద వాళ్ళకు కొంత పోతుంది. కట్ అయ్యే ముందు రోజు దాతకు మెసేజ్ వెళ్తుంది, ఖాతాలో పైసలు లేకపోతే ఫెయిల్ అవుతుంది, దాత ఎప్పుడైనా ఫోన్‌లోనే ఆపేయొచ్చు. ఆటోపే పెట్టినంత మాత్రాన మనుషులు ఆగిపోకుండా ఉండరు. ఆబిడ్స్ జీపీఓ దగ్గర, మాల్స్ ముందర టాబ్ పట్టుకుని నిలబడే పిల్లల్ని చూస్తారు కదా. పెద్ద పెద్ద సంస్థలకు నెల నెలా కట్టే దాతలను వాళ్ళు చేరుస్తారు. అట్లా రోడ్డు మీద చేరినవాళ్ళలో సగం దగ్గర ఏడాది లోపే ఆపేస్తారని ఆ రంగంలో వాళ్ళే చెప్తారు. మా వాడలో ఒకమ్మాయి ఆ పనిలో చేసింది. "ఎంతమందిని చేర్పించామో చూసి మాకు జీతం అక్కా, ఎంతమంది ఉన్నారో మాకు చెప్పరు" అంది. కానీ లెక్క రాసేవాళ్ళకు ఆ రెండోదే కావాలి.

ఏడాది పూర్తిగా చూడాలి అని ఎందుకు అంటున్నానో ఇంకో సంగతితో చెప్తాను. నాంపల్లిలో ఒక అత్తరు దుకాణం చాచా ఉన్నాడు. రంజాన్‌లో మన నిధికి ఇస్తాడు. ఆరు నెలలకు రిజిస్టరు చూస్తే ఆయన గళ్ళు ఖాళీ, ఆగిపోయాడు అని రాస్తాం. మళ్ళీ రంజాన్ వస్తే ఇస్తాడు. హిజ్రీ సంవత్సరం మన క్యాలెండరు కంటే దాదాపు 11 రోజులు తక్కువ కాబట్టి పన్నెండు నెలల లోపే ఆయన రెండోసారి వస్తాడు. ఆయన పోయినవాడు కాదు, ఏడాదికోసారి వచ్చేవాడు. జకాత్ కింద ఇచ్చేవాళ్ళ పైసలు ఎవరికి చెందాలో వాళ్ళకు ఒక నియమం ఉంటుంది, అందుకని "చాచా, ఇది జకాతా, మామూలు చందానా" అని అడిగి, జకాత్ అయితే వేరే పేజీలో రాసి, ఆయన చెప్పినవాళ్ళకే ఇస్తాం. దసరాకు, సంక్రాంతికి ఇచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. ఆరు నెలల లెక్క వీళ్ళందరినీ మింగేస్తుంది.

80జి సంగతి కూడా చాలామంది అడిగారు. ఆదాయపన్నులో తగ్గింపు వచ్చే రసీదు ఇస్తారా అని. మన సమాఖ్యకు ఆ రిజిస్ట్రేషన్ లేదు. లేదు అనే చెప్పాం. ఒకాయన రూ. 2,000కు పైన నగదు ఇచ్చి రసీదు అడిగాడు. 80జి ఉన్నా అంత నగదుకు తగ్గింపు రాదు, బ్యాంకు ద్వారా వస్తేనే వస్తుంది అని చెప్పి పంపాం. ఆ రిజిస్ట్రేషన్ తీసుకుంటే ప్రతి దాత వివరాలతో ఏటా ఆదాయపన్ను శాఖకు పత్రం దాఖలు చేయాలి, దాతకు సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ పని ఎవరు చేస్తారు, దానికి కూలి ఎంత, అది చూసుకోకుండా తీసుకోవద్దని నా అభిప్రాయం.

నుమాయిష్ గురించి ఒక మాట చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. అది 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది, ఉస్మానియాలో చదువుకున్న పట్టభద్రులు పెట్టారు. రాష్ట్రం ఆర్థిక పరిస్థితి మీద సర్వే చేయించడానికి పైసలు కావాలని పెట్టారట. ఇప్పటికీ ఎగ్జిబిషన్ సొసైటీ ఆ రాబడితో చదువుల సంస్థలు నడుపుతోంది. మన ఆడపిల్లలు చదివే వనిత మహావిద్యాలయం వాళ్ళదే, ఆ గ్రౌండ్‌లోనే ఉంది. వాళ్ళు డబ్బా పట్టుకుని చందా అడగరు. టికెట్ పెట్టి, ప్రతి జనవరి జనం మళ్ళీ వచ్చేటట్టు చేశారు. అమ్మమ్మ వచ్చింది, అమ్మ వచ్చింది, ఇప్పుడు మనం పిల్లల్ని తీసుకుపోతున్నాం. మళ్ళీ మళ్ళీ రావడం అంటే అది. మనం వాళ్ళ గేటు లోపల కూర్చుని, ఒక్కసారికే వచ్చి పోయే చిల్లర ఏరుకున్నాం.

వచ్చే జనవరికి కార్యవర్గం ఒక ప్రణాళిక తయారుచేసింది. మీరు ఒప్పుకుంటేనే. నుమాయిష్‌లో 46 రోజులు కూర్చోవడం లేదు. ఆడవాళ్ళ రోజు, శని, ఆదివారాలు మాత్రమే. మామూలు రోజుల్లో డబ్బా పచ్చళ్ళ బల్ల మీదే ఉంటుంది, దానికి మనిషిని పెట్టం. కూర్చునే రోజుల్లో ఒకరు డబ్బా చూస్తే ఇంకొకరి పని కార్డు రాయడమే. నంబరు రాయగానే అక్కడే ఒక మిస్డ్ కాల్ ఇస్తారు, తప్పు నంబరు అయితే అప్పుడే తెలిసిపోతుంది. పోయినసారి నుమాయిష్‌లో చేరినవాళ్ళకు మొదటి ఫోన్ మార్చిలో చేశాం. జనవరి మొదటి వారంలో ఇచ్చినాయన "ఏ చందా, ఎవరు మీరు" అన్నాడు. ఈసారి వారం లోపలే ఒక ఫోన్, అడగడానికి కాదు, "మీ పైసలు అందినయి, ఇదిగో ఇట్ల ఖర్చు పెడతాం" అని చెప్పడానికి. ఆబిడ్స్ ఆదివారాలు అట్లనే ఉంటాయి. ఫోన్ చేసే పనికి ఇద్దరు ఉంటారు, ఒకరికి కష్టం వస్తే ఇంకొకరు చేస్తారు.

కొత్త అవ్వలను చేర్చుకోవడానికి ఒక కట్టు కూడా పెట్టుకున్నాం. మొదటిసారి వచ్చిన చందా చూసి ఎవరికీ మాట ఇవ్వం. మూడో నెల గళ్ళు చూసి, ఆ నెల ఎంతమంది ఇచ్చారో, అందులో సగం మందే ఏడాది చివరిదాకా ఉంటారనుకుని, దానికి ఎన్ని సంచులు వస్తాయో అంతమందికే. మా రిజిస్టరులో మూడో నెల 20 మంది ఉంటే పన్నెండో నెలకు 8 మందే మిగిలారు, సగం కూడా కాదు. అందుకని సగం అనుకోవడం కూడా కొంచెం ఎక్కువే. దీని మీద మీరు ఇంకా తక్కువ పెట్టమంటే పెడదాం.

పాత రిజిస్టరు, రెండు తీర్మానాల నకళ్ళు ఆ బల్ల మీద పెట్టాను. చదవగలిగినవాళ్ళు చదివి పక్కనున్న అక్కకు చెప్పండి. కూడికలో తప్పుంటే భోజనాల లోపల నాకు చెప్పండి, మధ్యాహ్నం ఆడిట్ వాళ్ళు వస్తున్నారు.